"ర్యామ్ కొట్టేశారు" అని రివ్యూ రాస్తే పరువు నష్టం అవుతుందా?

ప్రశ్న: చార్జింగ్ పిన్ పాడైతే ల్యాప్‌టాప్‌ని ఒక సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. తిరిగొచ్చాక చూస్తే 16 జీబీ ర్యామ్ కాస్తా 8 చూపిస్తోంది. అడిగితే "ముందు 16 ఉందని గ్యారంటీ ఏంటి" అని కసురుకున్నారు. ఒళ్లు మండి ఆ రాత్రే రివ్యూ రాశాను: "నంబర్ వన్ దొంగలు. నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ కొట్టేశారు. వచ్చిన ప్రతి కస్టమర్‌కీ ఇదే చేస్తారు. చెత్త సర్వీస్, మాట్లాడే పద్ధతే తెలియదు. ఇది నా అభిప్రాయం మాత్రమే." ఫేస్‌బుక్‌లో కూడా అదే పెట్టి, టెక్నీషియన్ పేరు కలిపాను. ఇప్పుడు లాయర్ నోటీసు వచ్చింది. ఏడు రోజుల్లో తీసేసి క్షమాపణ చెప్పాలట, లేకపోతే పరువు నష్టం దావా వేస్తారట. నేను రాసింది నిజమే కదా? అభిప్రాయం అని కూడా రాశాను కదా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

ఇలాంటి నోటీసులు పంపే వాళ్ల తరఫునా పనిచేశాను, అందుకున్న వాళ్ల తరఫునా పనిచేశాను. రెండు వైపులా చేసే తప్పు ఒకటే, రివ్యూ మొత్తాన్ని ఒకే ముద్దగా చూడటం. కోర్టు అలా చూడదు. సందర్భం కోసం మొత్తం చదువుతుంది గానీ, తప్పొప్పులు వాక్యం వాక్యం పట్టుకుని తేలుస్తుంది. మీరు రాసినవి ఐదు వాక్యాలు. నాలుగోదాని వల్ల మీకేమీ కాదు. మొదటిదీ రెండోదీ ఒకే ప్రశ్న మీద ఆధారపడి ఉన్నాయి, ఆ ప్రశ్నకి జవాబు ఇంకా మీకే తెలియదు. మూడోదాన్ని మీరు నిరూపించలేరు. ఐదోదానికి మీరనుకుంటున్నంత బలం లేదు.

అన్నిటికన్నా ముందు ఒక పని. దేన్నీ తీసేయకముందే రెండు పోస్టులకీ స్క్రీన్‌షాట్లు తీయండి. తేదీ, లింకు, కింద వచ్చిన కామెంట్లు, ఎంతమంది షేర్ చేశారో అన్నీ కనపడాలి. చాలామంది నోటీసు చూడగానే కంగారుపడి డిలీట్ చేసేస్తారు. తర్వాత అవతలివాళ్లు "ఇంకా ఘోరంగా రాశాడు, ఇదుగో" అని ఏదో చూపిస్తే, అసలు ఏం రాశారో చూపించడానికి వీళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ఇక వాక్యాల దగ్గరికి వద్దాం. సులువైన దానితో మొదలుపెడతాను.

"చెత్త సర్వీస్, మాట్లాడే పద్ధతే తెలియదు." ఇది ఘాటుగా ఉంది, మర్యాదగా లేదు, అయినా పరువు నష్టం కిందికి రావడం కష్టం. ఎందుకంటే దీన్ని నిజమని గానీ అబద్ధమని గానీ తేల్చే కొలబద్ద లేదు. ఒకరికి చెత్త అనిపించిన సర్వీసు ఇంకొకరికి బాగానే ఉండొచ్చు. ఒక్క స్టార్ ఇవ్వడం కూడా ఇంతే. "డబ్బు దండగ", "ఎవరూ వెళ్లకండి", "ఇంత నిర్లక్ష్యం ఎక్కడా చూడలేదు" లాంటివి ఎన్ని రాసినా, చదివినవాడికి అర్థమయ్యేది మీకు కోపం వచ్చిందనే. బిజినెస్ దెబ్బతిన్నా సరే, అది మీ అభిప్రాయం వల్ల తిన్న దెబ్బ. కస్టమర్లు తగ్గారు అన్నదొక్కటే దావా గెలవడానికి చాలదు.

ఇప్పుడు "దొంగలు" అన్న మాట. మన భాషలో దీన్ని వాడినంత వదులుగా మరో తిట్టుని వాడం. దొంగ ఏడుపు అంటాం, దొంగ నిద్ర అంటాం, పనికి రాకుండా తప్పించుకు తిరిగేవాణ్ణి పని దొంగ అంటాం. రేటు ఎక్కువైతే "దోచుకుంటున్నారు" అంటాం. "ఈ రేట్లేంటి, దొంగలు" అని రాస్తే చదివినవాడెవడూ వాళ్లు నిజంగా జేబు కొట్టారనుకోడు. రేటు ఎక్కువని వాపోతున్నారని అర్థమవుతుంది. ఇలాంటి అతిశయోక్తిని కోర్టులు కూడా అతిశయోక్తిగానే తీసుకుంటాయి. అలా తీసుకోవాలని వాదించి నెగ్గిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మీ దగ్గర వచ్చిన చిక్కేమిటంటే, "నంబర్ వన్ దొంగలు" అని ఆగలేదు. వెంటనే "నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ కొట్టేశారు" అన్నారు. ఏం పోయిందో చెప్పారు, ఎందులోంచి పోయిందో చెప్పారు, ఎవరు తీశారో చెప్పారు. ఆ క్షణం నుంచి ముందున్న "దొంగలు" కూడా తిట్టుగా కాకుండా మామూలు నిఘంటువు అర్థంలో చదవబడుతుంది. నా దగ్గరికి ఎవరైనా రివ్యూ పట్టుకొస్తే నేను చూసేది ముందు ఇదే. మాట ఎంత ఘాటుగా ఉందని కాదు, ఆ వాక్యాన్ని ఎవరైనా వెళ్లి తనిఖీ చేయగలరా లేదా అని. తనిఖీ చేయగలిగితే అది వాస్తవ ఆరోపణ. వాస్తవ ఆరోపణ అయితే అది నిజమై ఉండాలి, నిజమని మీరు చూపించగలగాలి.

ఈ రెండో భాగం చాలామందికి మింగుడు పడదు. భారత్‌లో, ఇంగ్లాండ్‌లో సివిల్ దావా పడితే మీరు అబద్ధం రాశారని అవతలివాళ్లు నిరూపించనక్కర్లేదు. మీరు రాసింది పరువు తీసేలా ఉందని చూపిస్తే, అది నిజమని నిరూపించే భారం మీ మీద పడుతుంది. అమెరికాలో చాలా సందర్భాల్లో ఇది తిరగబడి, అబద్ధమని నిరూపించే పని దావా వేసినవాళ్లదే అవుతుంది. అందుకే అమెరికా ఉదాహరణలు చదివి ధైర్యం తెచ్చుకునేవాళ్లని చూస్తే నాకు భయం వేస్తుంది. ఆ ధైర్యం వేరే చోట పనిచేయకపోవచ్చు.

సరే, మీ ర్యామ్ సంగతి చూద్దాం. నాకు తెలిసిన రిపేరు పని కొంచెమే గానీ, ఇలాంటి కేసుల్లో నిపుణులతో మాట్లాడి నేర్చుకున్నది చెప్తాను. చార్జింగ్ పిన్ మార్చాలంటే వెనక మూత తీయాలి, బ్యాటరీ కనెక్షన్ తీయాలి. కొన్ని మోడళ్లలో మదర్‌బోర్డునే బయటికి తీయాలి, అప్పుడు ర్యామ్ కూడా ఊడదీసి మళ్లీ పెడతారు. మీ 16 జీబీ రెండు ఎనిమిదిల ముక్కలైతే, ఒకటి సరిగ్గా స్లాట్‌లో కూర్చోకపోయినా కంప్యూటర్ ఎనిమిదే చూపిస్తుంది. అంటే మీ తెరమీద కనిపిస్తున్న 8 అనే అంకె వెనక కనీసం మూడు కథలు ఉండొచ్చు. ఒకటి, ముక్క స్లాట్‌లోనే ఉంది, వదులుగా ఉంది. రెండు, తీసి బల్లమీద పెట్టి మళ్లీ పెట్టడం మర్చిపోయారు, లేదా వేరే మెషీన్‌లో పొరపాటున పెట్టేశారు. మూడు, కావాలనే తీసుకున్నారు. మీ రివ్యూ మూడోదాన్ని మాత్రమే నిజమంటోంది. మొదటిది నిజమైతే మీరు రాసింది పచ్చి అబద్ధమవుతుంది. మీరు నిజాయితీగా నమ్మి రాసినా సరే, అబద్ధం అబద్ధమే.

ఇంట్లోనే చూడగలిగినది ఒకటుంది. విండోస్ అయితే Task Manager తెరిచి Performance లో Memory నొక్కండి. అక్కడ Slots used అని ఉంటుంది. అది "1 of 2" అంటే రెండో స్లాట్ ఖాళీగా ఉండొచ్చు, లేదా ముక్క ఉన్నా మెషీన్ గుర్తించకపోవచ్చు. తర్వాత సిస్టమ్ వివరాల పేజీలో Installed RAM దగ్గర చూడండి. అక్కడ 16 అని రాసి పక్కన బ్రాకెట్లో సుమారు 8 మాత్రమే usable అని ఉంటే, రెండో ముక్క లోపలే ఉందని దాదాపు ఖాయం. ఇలా కనబడితే ఈరోజే మొదటి రెండు వాక్యాలూ తీసేయండి. లేదంటే మూత తెరిచి చూడాల్సిందే. మీరొక్కరే తెరవకండి. దీనితో సంబంధం లేని ఇంకో టెక్నీషియన్ దగ్గర, మూత స్క్రూలు విప్పకముందు నుంచి వీడియో తీయిస్తూ తెరిపించండి. అతను చూసింది ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. మీరే తెరిస్తే, ముక్క మీరే తీశారని అవతలి లాయర్ అనడానికి అర నిమిషం పట్టదు.

స్లాట్ ఖాళీగా ఉందనుకుందాం. 16 జీబీ అని చూపే కొనుగోలు బిల్లు ఉంది. ఇచ్చేముందు తీసిన స్క్రీన్‌షాట్ ఏదైనా దొరికింది. మధ్యలో వేరే ఎవరూ తెరవలేదు. అప్పుడు మీరు గట్టిగా చెప్పగలిగేది ఏంటి? "వాళ్ల దగ్గరికి 16 తో వెళ్లింది, 8 తో వచ్చింది" అని. ఇది నిజం, నిరూపించగలిగిన నిజం. "కొట్టేశారు" అన్నది ఇంకో మెట్టు. దొంగతనం అంటే వస్తువు పోవడమొక్కటే కాదు, తీసుకోవాలన్న ఉద్దేశం కూడా. ఆ ఉద్దేశానికి సాక్ష్యం మీ దగ్గర లేదు. క్రిమినల్ కేసులో అడిగినంత కచ్చితమైన రుజువు సివిల్ కోర్టు అడగదు, ఏది ఎక్కువ సంభవమో చూస్తుంది. కానీ ఆరోపణ ఎంత పెద్దదైతే, జడ్జి అడిగే సాక్ష్యం అంత గట్టిగా ఉండాలి. "వేరే ఎవరు తీస్తారు మరి?" అన్నది అనుమానమే గానీ సాక్ష్యం కాదు.

పోనీ "కొట్టేశారు" అనకుండా తెలివిగా రాస్తే? ఇలా అడిగేవాళ్లు చాలామంది. "ర్యామ్ మాయమైంది. మూత తీసింది వాళ్లొక్కరే. మిగతాది మీరే అర్థం చేసుకోండి." ఇలా రాస్తే బయటపడతామనుకుంటారు. బయటపడరు. చదివిన మామూలు మనిషికి ఏం అర్థమవుతుందన్నదే లెక్క, మీరు ఏ పదం వాడలేదన్నది కాదు. ప్రశ్న గుర్తు పెట్టి "వీళ్లు దొంగలా?" అన్నా అంతే. అమెరికాలోని వర్జీనియాలో ఒక ఇంటి రిపేర్ల కాంట్రాక్టర్ 2012 లో తన కస్టమర్ మీద 7,50,000 డాలర్లకు దావా వేశాడు. ఆమె రివ్యూల్లో నగలు పోయాయని, తాళం చెవి ఉన్నది ఆ కాంట్రాక్టర్ దగ్గర మాత్రమేనని రాసింది. "దొంగతనం చేశాడు" అని నేరుగా అనకపోయినా, ఆ రెండు ముక్కలు పక్కపక్కన పెడితే అర్థం అదేనని అతని వాదన. కింది కోర్టు రివ్యూలో కొంత భాగం తీసేయమంటూ మధ్యంతర ఉత్తర్వు ఇస్తే, రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పు రాకముందే మాటల్ని ఆపేయడం సరికాదన్న వైఖరి అక్కడ బలంగా ఉంటుంది. కేసు మాత్రం ఆగలేదు. 2014 లో జ్యూరీ ఇద్దరూ ఒకరి పరువు ఒకరు తీసుకున్నారని తేల్చింది. ఎందుకంటే కాంట్రాక్టర్ కూడా ఊరుకోకుండా ఆన్‌లైన్లో జవాబులు రాశాడు. ఇద్దరికీ పైసా నష్టపరిహారం రాలేదు. ఏడాదికి పైగా కోర్టు చుట్టూ తిరగడమే మిగిలింది.

దీన్ని బిజినెస్ నడిపేవాళ్లు కూడా చదువుతుంటే వాళ్లకో మాట. రివ్యూ కింద "ఈ కస్టమర్ డబ్బు ఎగ్గొట్టే రకం" అని జవాబిచ్చారంటే, మీరు కూడా అదే గీత దాటారు. నా దగ్గరకు వచ్చిన కొన్ని కేసుల్లో రివ్యూ కన్నా దాని కింద ఓనర్ ఇచ్చిన జవాబే ప్రమాదకరంగా ఉంది.

మళ్లీ మీ రివ్యూ. "ఇది నా అభిప్రాయం మాత్రమే" అన్న చివరి వాక్యం మిమ్మల్ని కాపాడుతుందని నమ్మకం పెట్టుకున్నారు. 1990 లో అమెరికా సుప్రీంకోర్టు మిల్కోవిచ్ కేసులో దీని మీదే తేల్చి చెప్పింది. "నా అభిప్రాయంలో ఫలానావాడు అబద్ధాలకోరు" అన్నంత మాత్రాన అందులో దాగిన వాస్తవ ఆరోపణ పోదని ఆ తీర్పు సారాంశం. మాటస్వేచ్ఛకి అంత గట్టి రక్షణ ఇచ్చే దేశంలోనే ఇది పరిస్థితి. ఇంకెక్కడైనా ఇది మీకు కవచం అవుతుందనుకోకండి. "నా అభిప్రాయం ప్రకారం అతను నా ర్యామ్ తీసుకున్నాడు" అన్న వాక్యంలో అభిప్రాయం ఎక్కడుంది? తీసుకున్నాడో లేదో రెండింట్లో ఒకటే కదా.

మరి అభిప్రాయం ఎప్పుడు నిజంగా అభిప్రాయంగా నిలబడుతుంది? ఇంగ్లాండ్ 2013 లో చేసిన పరువు నష్టం చట్టం మూడో సెక్షన్‌లో దీన్ని తేటగా రాసింది. అది అభిప్రాయమై ఉండాలి. దేని ఆధారంగా ఆ అభిప్రాయానికి వచ్చారో, కనీసం స్థూలంగానైనా మాటల్లోనే కనబడాలి. అప్పటికి ఉన్న వాస్తవాల్ని చూసి నిజాయితీ గల మనిషి అలా అనుకోగలిగి ఉండాలి. ఇది చట్టం భాషలో రాసినా, రివ్యూ రాసేవాడికి ఇంతకన్నా పనికొచ్చే పద్ధతి నాకు తెలియదు. ముందు ఏం జరిగిందో చెప్పు, తర్వాత నీకేమనిపించిందో చెప్పు. పాఠకుడు ఆ వాస్తవాలు చూసి మీతో ఏకీభవించొచ్చు, మానొచ్చు. అలా ఎంచుకునే వీలు ఇస్తేనే అది అభిప్రాయం. వాస్తవాలు చెప్పకుండా తీర్పు మాత్రం చెబితే, మీకేదో రహస్యం తెలుసు కాబట్టే అంత గట్టిగా అంటున్నారని చదివేవాడు అనుకుంటాడు.

అలా చేయకపోతే ఏమవుతుందో ఇంగ్లాండ్‌లోనే 2021 లో కనిపించింది. ఒక లాయర్ల సంస్థ దగ్గర సలహా తీసుకున్న కస్టమర్ ట్రస్ట్‌పైలట్ అనే రివ్యూల సైటులో ఆ సంస్థని డబ్బు దండగ అని, మరో మోసకారి లాయరు అని అర్థం వచ్చేలా రివ్యూ రాశాడు. హైకోర్టు అతని మీద 25,000 పౌండ్ల నష్టపరిహారం వేసింది, రివ్యూ తీసేయమని ట్రస్ట్‌పైలట్‌ని ఆదేశించింది. నిజమే రాశానని, నా నిజాయితీ అభిప్రాయమని అతను చెప్పుకున్నా అవి నిలబడలేదు. అతను విచారణకి కూడా రాలేదు. సలహా ఎందుకు బాగాలేదో అతను సరిగ్గా వివరించనేలేదు. "డబ్బు దండగ" ఒక్కటే రాసి ఆపి ఉంటే ఆ కేసు అక్కడిదాకా వచ్చేది కాదని నా అంచనా. బరువంతా "మోసం" అన్న మాట మీద పడింది. మీ "కొట్టేశారు" కూడా ఆ కోవదే.

ఇప్పుడు నాకు ఎక్కువ చికాకు కలిగించిన మూడో వాక్యం. "వచ్చిన ప్రతి కస్టమర్‌కీ ఇదే చేస్తారు." రివ్యూల్లో మనిషిని ముంచేది తిట్టు కాదు, ఇలాంటి "ప్రతి", "ఎప్పుడూ", "అందరికీ" అనే మాటలు. మీ ల్యాప్‌టాప్ సంగతి మీకు తెలుసు. వేరేవాళ్ల ల్యాప్‌టాప్‌ల సంగతి మీకెలా తెలుస్తుంది? పాత రివ్యూల్లో ఇంకో ఇద్దరు ఇలాగే రాశారని మీరనొచ్చు. వాళ్లు రాశారన్నది వాళ్లు రాశారనడానికే సాక్ష్యం, వాళ్లు రాసింది నిజమనడానికి కాదు. ఎవరో అన్నమాటని మళ్లీ చెప్పినవాడు ఆ మాటకి తానూ బాధ్యుడే అవుతాడు. మీ సొంత ర్యామ్ విషయంలో రేపు మీరే నెగ్గినా, ఈ ఒక్క వాక్యం మీద ఓడిపోవచ్చు. దీన్ని ఇవాళే తీసేయండి, దీనికి ఆలోచన అక్కర్లేదు.

దీంతోపాటు ఫేస్‌బుక్‌లో టెక్నీషియన్ పేరు కూడా. సంస్థ పరువు ఒక ఎత్తు, మనిషి పరువు ఇంకో ఎత్తు. ఆస్ట్రేలియాలో పదిమంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న లాభార్జన కంపెనీలు మామూలుగా పరువు నష్టం దావానే వేయలేవు. ఇంగ్లాండ్‌లో లాభం కోసం నడిచే సంస్థ అయితే తీవ్రమైన ఆర్థిక నష్టం జరిగిందని, లేదా జరిగే అవకాశం ఉందని చూపించాలి. ఎక్కడ ఏం నష్టమైందో చెప్పకుండా "మా పేరు పోయింది" అంటే చాలదు. ఈ అడ్డంకులేవీ పేరు పెట్టి తిట్టించుకున్న మనిషికి అదే రూపంలో ఉండవు. భారత్‌లో అయితే కంపెనీ గురించి చేసిన ఆరోపణ కూడా పరువు నష్టం కావచ్చని చట్టం వివరణలోనే ఉంది. పైగా అక్కడ ఇది సివిల్ దావాతో ఆగదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం కూడా, రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. 2016 లో సుప్రీంకోర్టు ఈ క్రిమినల్ పరువు నష్టం చట్టాన్ని, అప్పటి ఐపీసీ సెక్షన్ల రూపంలో, చెల్లుతుందనే చెప్పింది. అయితే అదే సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. తన ప్రయోజనం కాపాడుకోవడానికో, ప్రజల మేలు కోసమో మంచి ఉద్దేశంతో, తగిన జాగ్రత్తతో చేసిన ఆరోపణకి రక్షణ ఉంది. ఆ "జాగ్రత్త" అన్న మాట దగ్గరే రాత్రి కోపంలో రాసిన రివ్యూలు ఇబ్బంది పడతాయి. రాసేముందు మీరేం పరిశీలించారు అని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి.

నోటీసు గురించి. దాన్ని చూసి సగం భయపడండి చాలు. మొదట అందులో మీ వాక్యాల్ని యథాతథంగా ఎత్తి రాశారా, ఏది అబద్ధమో, నిజం ఏంటో చెప్పారా అని చూడండి. "మా క్లయింటుకు పూడ్చలేని నష్టం" అని మాత్రమే ఉండి, ర్యామ్ సంగతి మీద ఒక్క ముక్క లేకపోతే, చాలాసార్లు అది చెడ్డ రివ్యూ వచ్చిన ప్రతివాళ్లకీ పంపే ప్రింటు కాగితం. అలా కాకుండా "మీ మెషీన్ మా దగ్గరికి వచ్చినప్పుడు జాబ్ షీటులో ర్యామ్ 8 అని రాసి ఉంది, మీరు సంతకం చేశారు" అని ఉంటే, సీరియస్‌గా తీసుకోవాలి. మీ కాపీ తీసి చూడండి. చాలామంది జాబ్ షీటు చదవకుండానే సంతకం పెడతారు. అది మీకు వ్యతిరేకంగా మాట్లాడుతుంది. మరో వైపు ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే, వాళ్లు తీసుకున్నప్పుడు చెక్ చేయలేదని అది మీకే పనికొస్తుంది.

జవాబులో ఒక తప్పు మాత్రం చేయకండి. "నా ర్యామ్ ఖర్చు ఇస్తే రివ్యూ తీసేస్తా" అని వాట్సాప్‌లో పెట్టకండి. మీ ఉద్దేశం సెటిల్‌మెంటే కావచ్చు. కానీ స్క్రీన్‌షాట్‌లో అది బెదిరింపులా చదవబడుతుంది, రివ్యూని కోపంతో కాదు డబ్బుకోసం రాశారన్న కథకి పునాది అవుతుంది. ర్యామ్ ఖర్చు అడగడం మీ హక్కే. దాన్ని వేరుగా, రాతపూర్వకంగా, రివ్యూ ఊసెత్తకుండా అడగండి. వినియోగదారుల కమిషన్ దారి ఎలాగూ ఉంది.

ఏడు రోజులంటున్నారు కాబట్టి ఆ లోపు చేయాల్సింది ఇది. మూడో వాక్యం, టెక్నీషియన్ పేరు ఇవాళ తీసేయండి. ర్యామ్ పరీక్ష అయ్యేదాకా మొదటి రెండు వాక్యాలు కూడా పక్కన పెట్టండి. ఆ తర్వాత ఒక లాయరుతో చిన్న జవాబు పంపించండి. ఫలానా తేదీన ఫలానా వాక్యాలు తీసేశానని, మిగతాది నా అనుభవమని, నోటీసులోని మిగతా ఆరోపణలు ఒప్పుకోవడం లేదని. వాక్యం తీసేయడం నేరం ఒప్పుకోవడం కాదు. వెంటనే సరిదిద్దుకున్నారన్నది తర్వాత నష్టపరిహారం లెక్కలో మీకు కలిసొచ్చేదే. వాళ్లు రాసిచ్చిన క్షమాపణ మీద మాత్రం చూడకుండా సంతకం పెట్టకండి. అలాంటివాటిలో "నేను రాసినదంతా దురుద్దేశంతో రాసిన అబద్ధం" అని ఉంటుంది. మీ "చెత్త సర్వీస్" అబద్ధం కాదు కదా.

తిరిగి రాయాలనుకుంటే, స్లాట్ ఖాళీగా దొరికితే నేనైతే ఇలా రాస్తాను:

"చార్జింగ్ పిన్ మార్చడానికి ల్యాప్‌టాప్ ఇచ్చాను. కొన్నప్పటి బిల్లు ప్రకారం 16 జీబీ ర్యామ్. తిరిగి తీసుకున్న రోజు 8 చూపించింది. వేరే టెక్నీషియన్ దగ్గర తెరిపిస్తే ఒక స్లాట్ ఖాళీగా ఉంది. అడిగితే ముందు 16 ఉందని గ్యారంటీ ఏంటన్నారు, కసురుకున్నారు. తీసుకునేటప్పుడు జాబ్ షీటులో ర్యామ్ ఎంతో రాయలేదు. నా దృష్టిలో ఇది చాలా నిర్లక్ష్యం. నేను మళ్లీ వెళ్లను."

దీంట్లో "దొంగ" లేదు, "కొట్టేశారు" లేదు. చదివినవాళ్లలో కొందరు దొంగతనమే అనుకోవచ్చు గానీ, మీరు వాళ్లని అటు తోయలేదు. నిర్లక్ష్యం అన్న ఇంకో వివరణ మీరే ఇచ్చారు. ఆ వర్జీనియా రివ్యూకీ దీనికీ తేడా అక్కడే ఉంది. ప్రతి వాస్తవం వెనకా ఒక కాగితమో వీడియోనో ఉంది. నిజం చెప్పాలంటే వ్యాపారానికి మీ మొదటి రివ్యూ కన్నా ఇదే ఎక్కువ దెబ్బ. తిట్లని జనం దాటేస్తారు, ఇలాంటి వివరాల్ని చదువుతారు.

స్లాట్‌లో ముక్క వదులుగా దొరికితే మాత్రం వేరే రివ్యూ రాయాలి: "రిపేరు తర్వాత ర్యామ్ సగమే పనిచేసింది. తెరిపిస్తే ఒక ముక్క సరిగ్గా కూర్చోలేదని తేలింది. పని సరిగ్గా చూసుకోకుండా ఇచ్చారు, అడిగితే మర్యాదగా మాట్లాడలేదు. ముందు రాసిన రివ్యూలో దొంగతనం అన్నాను, అది తప్పు, తీసేశాను." ఆ చివరి వాక్యం రాయడానికి మనసు ఒప్పుకోదని తెలుసు. కానీ ఫేస్‌బుక్‌లో మీ పోస్టు షేర్ చేసినవాళ్ల దగ్గర పాత మాట ఇంకా తిరుగుతూ ఉంటుంది, దాన్ని మీరొక్కరే ఆపలేరు. అక్కడ కూడా అదే దిద్దుబాటు పెట్టి, షేర్ చేసినవాళ్లని ట్యాగ్ చేసి, తీసేయమని అడగండి.